చీలని ఏరు

అమలాపురంలో, నిండు క్లాసులో, ఒక యూనివర్సిటీ ప్రొఫెసర్ని ఒక్క చాక్‌పీసుతో కుర్చీలోంచి లేపినవాణ్ణి నేను. లేచి నిలబడి, కళ్ళజోడు తీసి తుడుచుకుని, మళ్ళీ పెట్టుకుని బోర్డు చూసి, "ఇలాంటి ప్రూఫు నేను ఎక్కడా చూడలేదండీ" అన్నారాయన. ఈ మాట పెళ్ళి భోజనాల దగ్గరా, రాజోలు బస్సులో పక్క సీటువాళ్ళకీ, చివరికి పళ్ళు పీకే డాక్టరుగారికి కూడా చెప్పేను. ఆయన నా నోట్లో పట్టకారు పెట్టేదాకా చెబుతూనే ఉన్నాను.

కాగితం మీదికొచ్చేసరికి ప్రతి మాటా తూచి రాయవలసొస్తోంది. ఆయన లేచిన మాట నిజం. ఇలాంటి ప్రూఫు చూడలేదన్న మాటా నిజమే. మెచ్చుకుని అన్నారని నేనెప్పుడూ చెప్పలేదు, వినేవాళ్ళే అలా అనుకున్నారు. నేను దిద్దలేదంతే.

జరిగింది ఎనభైల్లో. దేశంలో అందరూ కంప్యూటరు, కంప్యూటరు అంటున్న రోజులు. మా ప్రైవేటు డిగ్రీ కాలేజీ కరస్పాండెంటు గారికి, అంటే యాజమాన్యం తరఫున అన్నీ చూసుకునే పెద్దాయనకి, బీయస్సీలో ఆ గ్రూపు పెట్టాలని పట్టుదల వచ్చింది. పర్మిషన్ రాకుండానే పిల్లల్ని చేర్చుకున్నారు, కంప్యూటరూ అప్పటికే దిగింది. దానికో గది, గదికి నీలం కర్టెన్లు, ఏసీ. చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళాలి. మా ప్రార్థన మందిరంలో కూడా అంత నిశ్శబ్దం ఉండేది కాదు. దానితో పాటు డిస్క్రీట్ మ్యాథమెటిక్స్ అని ఒక కొత్త పేపరు ఉంది. అది చెప్పడానికి లెక్కల మాస్టారు కావాలి. ఆ మాస్టార్ని నేను.

నేను అంతకుముందు హైస్కూల్లో లెక్కలు చెప్పేవాణ్ణి. పర్మనెంటు ఉద్యోగం. దానికి రాజీనామా ఇచ్చి, కాలేజీలో టెంపరరీ లెక్చరరుగా చేరేను. వద్దని మా ఆవిడ చెప్పింది. తను మిషన్ ప్రైమరీ స్కూల్లో టీచరు, తొందరపడే మనిషి కాదు. "పేరుకి ముందు లెక్చరర్ అని ఉంటే చాలా అండీ, కింద నేల ఉండక్కర్లేదా?" అంది. నేను వినలేదు. మా నాన్న కూలికి వెళ్ళిన పొలాల గట్టు మీదుగా, ఇస్త్రీ చొక్కా వేసుకుని, సైకిలు మీద కాలేజీకి వెళ్ళడంలో ఒక రుచి ఉంది. చర్చి బయట పెద్దవాళ్ళు "లెక్చరర్ గారూ" అని పిలిచేవారు. ఆ పిలుపు వింటే మెడ దానంతటదే నిటారయ్యేది.

ఒక రోజు కరస్పాండెంటు గారు తన గదిలోకి పిలిచేరు.

"మాస్టారూ, యూనివర్సిటీ నుంచి కమిటీ వస్తోందండి. గ్రూపుకి పర్మిషన్ ఇవ్వాలా వద్దా అని చూస్తారు. అందులో ఒక ప్రొఫెసర్ గారు క్లాసులో కూర్చుంటారంట. మీ క్లాసులోనే."

"ఆయ్" అన్నాను.

"గ్రూపు వస్తే మీ పోస్టు పర్మనెంటు చేయించే పూచీ నాది. రాకపోతే మటుకు..." అని కొబ్బరి నీళ్ళ గ్లాసు నా వైపు జరిపేరు. "తాగండి. మీకిప్పుడే చెమటలు పడుతున్నాయి."

రాకపోతే సంగతి ఆయన చెప్పక్కర్లేదు. లెక్కల డిపార్టుమెంటులో పాత పాఠాలకి పాత మాస్టార్లు సరిపోతారు. నేను ఆ కొత్త పేపరు కోసం ఉన్నవాణ్ణి. పేపరు లేకపోతే నేనూ లేను. హైస్కూల్లో నా కుర్చీలో అప్పటికే వేరే ఆయన కూర్చున్నాడు.

ఆ ఏడాది ఎండాకాలంలో విశాఖపట్నంలో ఒక చిన్న కోర్సు చేయించేరు మాకు. అక్కడ నేర్చిన వాటిలో నన్ను బాగా పట్టుకున్నది స్ట్రక్చరల్ ఇండక్షన్ అనే నిరూపణ పద్ధతి. కమిటీ ముందు అదే చెబుదామనుకున్నాను. బైనరీ ట్రీ అని ఒకటుంటుంది, రెండేసిగా చీలే చెట్టు. దానికి నిర్వచనం రెండే వాక్యాలు. ఒకటి: ఒంటరి ఆకు ఒక చెట్టు. రెండోది: ఏ రెండు చెట్లనైనా తీసుకుని, వాటి పైన కొత్తగా ఒక చీలిక పెట్టి, దానికి ఎడమన ఒకటి, కుడిన ఒకటి తగిలిస్తే వచ్చేదీ చెట్టే. ఈ రెండు దార్లలో పుట్టనిది చెట్టు కాదు. ఇలాంటి చెట్లన్నిటికీ ఒక గుణం ఉంది. ఆకులెప్పుడూ చీలికల కంటే ఒకటి ఎక్కువ. అది నిరూపించాలి.

చిక్కెక్కడంటే, కోనసీమ పిల్లలకి చెట్టు అనగానే కొబ్బరి చెట్టు. అది ఎక్కడ చీలుతుంది? పైగా ఈ కంప్యూటరు వాళ్ళ చెట్టుకి వేరు పైన, ఆకులు కింద. తలకిందులుగా పాతిన కొబ్బరిచెట్టులా ఉంటుందని ఒకసారి క్లాసులో అంటే, నవ్వేరు గాని అర్థం చేసుకోలేదు. అందుకని గోదావరిని పట్టుకున్నాను. ధవళేశ్వరం దగ్గర రెండుగా చీలుతుంది, గౌతమి, వశిష్ఠ. వశిష్ఠ నుంచి వైనతేయ విడిపోతుంది. గౌతమి నుంచి వృద్ధ గౌతమి. ఏరు సముద్రంలో పడే చోటుని మేం మొగ అంటాం. చీలికలు మూడు, మొగలు నాలుగు. చూశారా, ఒకటి ఎక్కువ! నా తెలివికి నేనే మురిసిపోయేను.

మా వరండాలో తలుపు చెక్క మీద సుద్దతో గీసి, ముందుగా మా ఆవిడకి చెప్పి చూశాను. తను బియ్యంలో రాళ్ళేరుతూ వింది.

"మామూలు ఇండక్షన్ నిచ్చెనలాంటిది" అన్నాను. "ఒక మెట్టు నుంచి పై మెట్టుకి. ఇక్కడ అలా కుదరదు. రెండు చెట్లు కలుస్తాయి. ఒకటి పెద్దది కావచ్చు, ఒకటి చిన్నది కావచ్చు. రెండింటికీ మన మాట నిజమే అనుకోవాలి, అప్పుడు కలిపిన చెట్టుకీ నిజమని చూపించాలి."

"పెళ్ళి సంబంధంలాగ. రెండు వైపులా వాకబు చేయాలి."

"అదే! ఎడమ ఏటికి ఎం చీలికలుంటే, ఎం ప్లస్ ఒకటి మొగలు. కుడి ఏటికి ఎన్ చీలికలుంటే, ఎన్ ప్లస్ ఒకటి. రెంటినీ ఒక కొత్త చీలిక కింద కలిపేం. మొత్తం చీలికలు ఎం ప్లస్ ఎన్ ప్లస్ ఒకటి. మొగలు ఎం ప్లస్ ఎన్ ప్లస్ రెండు. ఒకటి ఎక్కువ. అయిపోయింది!"

"బాగుందండీ" అంది. ఒక రాయి తీసి పారేసి, "మొదలెక్కడా?" అని అడిగింది.

"మొదలేముంది. ఒక చీలిక, రెండు మొగలు. కళ్ళకి కనబడుతూనే ఉంది కదా."

"సరే అయితే" అంది గాని, ఆ 'సరే' నాకు నచ్చలేదు. మా ఆవిడ 'సరే'లో రకాలున్నాయి. ఇది, ఎండబెట్టిన వడియాల మీదికి మబ్బొచ్చినప్పుడు అనే 'సరే'. దాంతో నాకు గుబులు మొదలైంది. ఎక్కడో ఏదో తక్కువైందని తెలుస్తోంది, ఏమిటో తెలియడం లేదు. కలిపే లెక్క మళ్ళీ చేశాను. సరిగ్గానే ఉంది. ఇంకోసారి చేశాను. తప్పు దొరికితే బాగుండు, సరిదిద్దుకుందును. దొరకలేదు. అన్నం సహించలేదు. చర్చిలో పాట మధ్యలో కూడా ఎం ప్లస్ ఎన్ ప్లస్ రెండే.

కమిటీ వచ్చిన ఉదయం కాలేజీ గేటుకి అరటి బోదెలు కట్టేరు. నాకవి పెళ్ళికా, ఇంకోదానికా అన్నట్టు కనబడ్డాయి. ప్రొఫెసర్ గారు పొట్టి మనిషి, నెమ్మదస్తుడు. చివరి బెంచీ పక్కన కుర్చీ వేయించుకుని కూర్చున్నారు. ఆ పక్కనే కరస్పాండెంటు గారు, తనకి అర్థమవుతున్నట్టు ముఖం పెట్టుకుని.

క్లాసు ఇంగ్లీషులో మొదలుపెట్టేను. మేం భయం వేసినప్పుడు తెలుగులోకి జారతాం, కాబట్టి కాసేపటికే తెలుగైపోయింది. బోర్డు పైన నిర్వచనం రాశాను, రెండు వాక్యాలూ, పొల్లు పోకుండా. కింద గోదావరి గీశాను. పిల్లల కళ్ళు వెలిగేయి. మా ఊరి పక్క ఏరు, మా ఏరు అని గుసగుసలు. ఒకడు "మాస్టారూ, ఏటి మధ్య లంక మర్చిపోయేరండి" అని అరిచేడు. నాకు ధైర్యం వచ్చింది. "లంకని సముద్రంలో కలిపేద్దాం గాని, ముందు లెక్క చూడు" అన్నాను. క్లాసంతా నవ్వు.

ప్రూఫు మొదలుపెట్టేను. బేస్ కేస్, అంటే మొదలు: ఒక చీలిక, రెండు మొగలు, నిజం. కన్‌స్ట్రక్టర్ కేస్, అంటే కలిపే అంగ: ఎడమ ఏరు, కుడి ఏరు, ఎం, ఎన్, కలిపేం, ఒకటి ఎక్కువ. కింద గీత గీసి చాక్‌పీసు పక్కన పెట్టి చేతులు దులుపుకున్నాను. కరస్పాండెంటు గారు చప్పట్లు కొట్టబోయి, పక్కాయన కొట్టకపోవడం చూసి ఆగిపోయేరు.

అప్పుడు లేచేరండి ప్రొఫెసర్ గారు. కళ్ళజోడు తుడుచుకున్నారు. ఆ మాట అన్నారు. అని, నడుచుకుంటూ బోర్డు దగ్గరకొచ్చేరు.

"మాస్టారూ, మీరు రాసిన డెఫినిషన్ ప్రకారం మీ వైనతేయ ఒక్కటే తీసుకుంటే అది చెట్టేనా?"

"అది పాయండి. వశిష్ఠలో భాగం."

"భాగమే. చెట్టా, కాదా?"

ఆయన నా గోదావరి పక్కన ఇంకో బొమ్మ వేశారు. పైన ఒక చీలిక. ఎడమ పాయ మళ్ళీ చీలింది. కుడి పాయ చీలలేదు, తిన్నగా కిందికి వెళ్ళిపోయింది.

"ఇది చెట్టేనా?"

"చెట్టేనండి."

"ఎడమవైపు ఒక చీలిక, మీ బేస్ కేస్ వర్తిస్తుంది. బావుంది. కుడివైపు? అక్కడ చీలికే లేదు. దానికి మీరు ఏం నిరూపించేరు? రెండు వైపులా నిజమనుకుంటేనే కదా కలపగలరు. కుడివైపు మీ చేతిలో ఏముంది?"

చేతిలో సుద్ద దుమ్ముంది. అంతకంటే ఏమీ లేదు. పైన, నా చేత్తో నేను రాసిన మొదటి వాక్యం ఉంది, ఒంటరి ఆకు ఒక చెట్టు. నా ప్రూఫు దాన్ని పలకరించకుండా వెళ్ళిపోయింది. అంటే ఒక పక్క ఆకున్న ఏ చెట్టుకీ నా మాట నిలవదు. అసలు, ఒక్క చీలిక ఉన్న చెట్టు కూడా రెండు ఆకుల్ని కలిపితే వచ్చిందే కదా. నేను మొదలనుకున్నది మొదలు కాదు, కలిపాక వచ్చిన మొదటి చెట్టు.

ఎందుకలా చేశానో తర్వాత చాలా ఆలోచించేను. ఒకటి, హైస్కూల్లో ఏళ్ళ తరబడి 'ఎన్ ఈక్వల్స్ టు వన్' అని మొదలుపెట్టిన చెయ్యి. సున్నా దగ్గర మొదలుపెట్టడం దానికి తెలీదు. రెండోది, నేను పుట్టింది ఏటి పాయల మధ్య. మాకు ఏరంటే చీలవలసిందే. చీలకుండా సముద్రంలో పడే ఏరు ఒకటుంటుందని, అది కూడా ఏరేనని, మా ఊహకే రాదు.

కరస్పాండెంటు గారు నా వైపు చూస్తున్నారు. లెక్క తెలియకపోయినా నా ముఖం చదవడం ఆయనకి వచ్చు. నాకు హైస్కూలు కుర్చీ కనబడింది, అందులో కూర్చున్న వేరే ఆయన కనబడ్డాడు. మా ఆవిడ బియ్యం చేటా కనబడింది.

ఆడపిల్లల వరసలో మొదటి బెంచీలో ఒకమ్మాయి ఉండేది. శ్రీకాకుళం వైపు నుంచి వచ్చింది. వాళ్ళ నాన్నగారికి ఇక్కడికి బదిలీ అయింది. తక్కువ మాట్లాడే పిల్ల. ఆ అమ్మాయి ముఖంలో ఏదో తెలిసిన వెలుగు కనిపెట్టేను నేను. మాస్టారు పని అదే కదా, తనకి తెలియకపోతే తెలిసినవాళ్ళని పట్టుకోవడం! "చెప్పమ్మా" అన్నాను. లేచింది.

"మా నాగావళి చీలదండీ మాస్టారూ. అలాగే వెళ్ళి సముద్రంలో కలుస్తాది. చీలికలు సున్నా, మొగ ఒకటి. ఒకటి ఎక్కువే కదండీ."

పిల్లలు కొందరు నవ్వేరు, చీలని ఏరేమిటని. ప్రొఫెసర్ గారు నవ్వలేదు. చాక్‌పీసు ఆమె చేతికి ఇచ్చేరు. వచ్చి రాసింది. బేస్ కేస్: ఆకు ఒక్కటే, చీలికలు సున్నా, ఆకు ఒకటి, సున్నా ప్లస్ ఒకటి. నేను రాసిన 'ఒక చీలిక, రెండు మొగలు' వాక్యం మీద అడ్డంగా గీత కొట్టింది. కొట్టేముందు నా వైపు చూసింది, పాపం.

"ఇప్పుడు కింద మాస్టారు చేసిందంతా నిలబడింది" అన్నారు ప్రొఫెసర్ గారు. "కలిపే లెక్కలో ఒక్క తప్పూ లేదు. డెఫినిషన్‌లో ఎన్ని వాక్యాలుంటే ప్రూఫులో అన్ని అంగలుండాలి. ఏ వాక్యంతో మొదలైతే ఆ వాక్యంతోనే మొదలవ్వాలి."

తర్వాత కమిటీ వారు ప్రిన్సిపాల్ గదిలో తలుపులేసుకున్నారు. లోపలికి పూతరేకులు వెళ్ళేయి, ఇడ్లీలు వెళ్ళేయి, కాఫీలు వెళ్ళేయి. బయటికి ఒక్క మాటా రాలేదు. నేను కంప్యూటరు గది ముందు, చెప్పులు విడిచే చోట నిలబడ్డాను. లోపలికి వెళ్ళాలన్న ఆలోచన లేకుండానే ఎప్పుడు విడిచేనో గాని, నా కాళ్ళకి చెప్పులు లేవు. ఇంటికెళ్ళి ఆవిడకి ఏం చెప్పాలో కూర్చుకుంటున్నాను. ఒక మాట కూర్చితే అది అబద్ధంలా ఉంది, ఇంకోటి కూర్చితే అది నిజంలా ఉంది. రెండూ చెప్పలేను.

కారెక్కేముందు ప్రొఫెసర్ గారు నా దగ్గర ఆగేరు.

"గ్రూపు ఇమ్మనే రాస్తున్నామండి. మాస్టారు తడబడితే అందుకునే పిల్లలున్న క్లాసు మాకు రోజూ కనబడదు. మీరు మటుకు సున్నా నుంచి మొదలుపెట్టడం అలవాటు చేసుకోండి."

"ఆయ్, ఆయ్" అన్నాను. ఆయన కారు వంతెన దాటేదాకా చేతులు కట్టుకునే ఉన్నాను. కరస్పాండెంటు గారు నా వీపు మీద చరిచి, "ఏరు చీలకపోతే ఏంటండీ మాస్టారూ, పర్మిషన్ వచ్చింది!" అన్నారు. ఆయనకి అర్థమైంది అంతే, అదే చాలు. మాట మీద నిలబడ్డారు, నా పోస్టు పర్మనెంటు అయింది. ఇంటి దగ్గర మా ఆవిడతో, ఆ అమ్మాయిని సరైన క్షణంలో లేపడం వల్లే నెగ్గుకొచ్చేనని చెప్పేను. "సరే" అంది. ఆ 'సరే' ఏ రకమో అడగలేదు.

ఆ అమ్మాయి తర్వాత ఎమ్మెస్సీ చేసి, మా కాలేజీలోనే లెక్చరరుగా చేరింది. నేను రిటైరయ్యాక ఆ పేపరు తనే చెప్పింది. ఇప్పుడు తనకీ జుట్టు నెరిసింది. మొన్న మా ఇంటికి వస్తే, ఇదంతా మొదట్నుంచీ చదివి వినిపించేను. గొప్పలన్నీ కోసేసేను కదా, మెచ్చుకుంటుందని ఆశ. మా ఆవిడ తలుపు దగ్గర నిలబడి వింది. అమ్మాయి టీ కప్పు కింద పెట్టింది.

"అన్నీ బావున్నాయండి మాస్టారూ. కాని మీరు నన్ను లేపలేదండి. నేనే లేచేను. మీరు 'కూర్చోమ్మా, పెద్దవాళ్ళు మాట్లాడుతున్నారు' అన్నారు. కూర్చున్నాను కూడా. మళ్ళీ లేవమన్నది ప్రొఫెసర్ గారు."